ఆరేళ్ల దుబాయ్, ఆ తర్వాత ఊరు: ఒక ఏసీ మెకానిక్ లెక్క

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్లలో గల్ఫ్‌కు బయలుదేరే కుర్రాణ్ని మళ్లీ ఎప్పుడొస్తావని అడిగితే "ఒకటి రెండు వీసాలు చేసి వచ్చేస్త" అంటాడు. కోనసీమలో, రాయచోటిలో మాట యాస మారుతుంది కానీ అర్థం అదే. వీసా అంటే ఇక్కడ రెండేళ్ల కాంట్రాక్టు. ఆ రెండు వీసాలు కాస్తా ఐదవుతాయి, ఎనిమిదవుతాయి. నలభై ఐదేళ్ల వయసులో మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లెవరూ సోమరులు కారు, దుబారా మనుషులూ కారు. ఊరికి వచ్చి బతకడానికి రెండు కావాలి. ఒకటి ఇక్కడ ఎవరో ఒకరు జీతమిచ్చి కొనుక్కునే పని. రెండోది వాడకుండా పక్కన పెట్టిన డబ్బు. ఈ రెండూ కూడకముందే ఏళ్లు గడిచిపోతాయి. కాబట్టి వెళ్లేటప్పుడే తిరిగొచ్చే రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

ఆ లెక్క అందరికీ ఒకేలా ఉండదు. అందుకే ఒక్క మనిషిని తీసుకుందాం. ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఐటీఐలో రెండేళ్ల ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ ట్రేడ్ చేశాడు, జగిత్యాలలో ఒక ఏసీ షాపులో ఏడాది పని చేశాడు, యూఏఈ వెళ్లాలనుకుంటున్నాడు. ఇంటికి వచ్చాక పనికొచ్చేదేదో, పనికిరానిదేదో ఈ ట్రేడులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ కొనేవాళ్లున్న పని ఏది

దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా ఆరేళ్లు పని చేసి వచ్చానంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ ఆరేళ్లూ లేబర్ క్యాంపుల్లో, విల్లాల్లో స్ప్లిట్ ఏసీలు కడగడం, గ్యాస్ నింపడం, కెపాసిటర్ మార్చడం మీదే గడిచిపోయి ఉంటే ఊళ్లో ఆ అనుభవానికి అదనపు విలువేమీ ఉండదు. ఆ పని తెలిసినవాళ్లు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు. పైగా ఇక్కడ ఇళ్లలోకి వస్తున్న కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్ 32 గ్యాస్‌కు మండే గుణం కొంత ఉంది. అక్కడి పాత యంత్రాల మీద పడిన అలవాటుతో దాన్ని నింపబోతే ప్రమాదం. అంటే స్ప్లిట్ పనిలోనూ అతను ఇక్కడికొచ్చి కొంత కొత్తగా నేర్చుకోవాల్సిందే.

హైదరాబాద్‌లో ఎక్కువ జీతం దొరికేది పెద్ద కూలింగ్ ప్లాంటు నడపగలిగినవాడికి. ఆస్పత్రులు, మాల్స్, ఐటీ టవర్లు, పాశమైలారం, జడ్చర్ల, జీనోమ్ వ్యాలీ వైపు ఫార్మా ఫ్యాక్టరీలు, డేటా సెంటర్లు ఎక్కువగా చిల్లర్లు అనే పెద్ద కూలింగ్ యంత్రాల మీదే నడుస్తాయి. అమెజాన్ తన క్లౌడ్ సేవల హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబరులో మొదలుపెట్టింది. విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇలాంటి చోట్ల ఏసీ గంటసేపు ఆగినా నష్టం పెద్దది. పాడైన యంత్రాన్ని బాగుచేసేవాడికన్నా పాడవబోతోందని ముందే కనిపెట్టేవాడే వాళ్లకు ఎక్కువ అవసరం.

కనిపెట్టడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చూద్దాం. చిల్లర్ నీటిని ఆరేడు డిగ్రీలకు చల్లబరిచి భవనమంతా తిప్పుతుంది. ఆ నీరు గదుల్లోని వేడిని తీసుకుని పన్నెండు డిగ్రీల దగ్గర వెనక్కి వస్తుంది. ఆ వేడిని కండెన్సర్ గొట్టాల్లో పారే ఇంకో నీరు బయటికి మోసుకుపోతుంది. కండెన్సర్‌లో గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, అక్కణ్నుంచి బయటికొచ్చే నీటి ఉష్ణోగ్రతకూ మధ్య ఉండే తేడాను అప్రోచ్ అంటారు. శుభ్రమైన యంత్రంలో అది ఒకటి రెండు డిగ్రీలే ఉంటుంది. లాగ్ షీట్‌లో ఆ తేడా నెలనెలా పెరుగుతూ నాలుగు దాటితే గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుంటోందని గట్టిగా అనుమానించాలి. అప్పటికి ఎవరూ ఫిర్యాదు చేసి ఉండరు, గదులూ చల్లగానే ఉంటాయి, పెరిగేది కరెంటు బిల్లు ఒక్కటే. ఆ అంకె చూసి "ఈ నెల గొట్టాలు బ్రష్ చేయిద్దాం" అని చెప్పగలిగినవాడు చిల్లర్ టెక్నీషియన్. యంత్రం ట్రిప్ అయ్యాక రీసెట్ బటన్ నొక్కడం మాత్రమే తెలిసినవాడు ఇంకా హెల్పరే.

యూఏఈలో ఇది నేర్చుకోవాలనుకునేవాళ్లకు బయటి నుంచి కనిపించని అడ్డంకి ఒకటి ఉంది. అక్కడి కొత్త ప్రాంతాల్లో చాలా టవర్లకు సొంత చిల్లర్లు ఉండవు. ఎంపవర్, తబ్రీద్ లాంటి సంస్థలు ఒకచోట పెద్ద ప్లాంటు పెట్టి, మునిసిపాలిటీ మంచినీళ్లు పంపినట్టు, చల్లటి నీటిని భూమిలో పైపుల ద్వారా భవనాలకు పంపుతాయి. అలాంటి టవర్‌లో పడ్డవాడికి కనిపించేది హీట్ ఎక్స్చేంజర్, పంపులు, గదుల పైకప్పులో ఉండే ఫ్యాన్ కాయిల్స్ మాత్రమే. నలభై అంతస్తుల మెరిసే భవనంలో ఆరేళ్లు పని చేసినా చిల్లర్ కంప్రెసర్‌ను ముట్టుకోకుండానే తిరిగిరావచ్చు. అందుకే కంపెనీ పేరు కన్నా సైట్‌లో ఏ యంత్రాలున్నాయో అడగడం ముఖ్యం. సైట్‌లో చిల్లర్లు ఉన్నాయా, ఎన్ని టన్నులవి, గాలితో చల్లబడేవా నీటితో చల్లబడేవా? ఇంటర్వ్యూలో ఈ మూడు ప్రశ్నలు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అడిగినవాడికి పని తెలుసన్న అభిప్రాయమే కలుగుతుంది.

ఆఫర్ లెటర్‌లో చూడాల్సిన రెండు గడులు

కుర్రాడికి నెలకు 1,500 దిర్హాంల జీతం, కంపెనీ రూము, రవాణాతో ఆఫర్ వచ్చిందనుకుందాం. దిర్హం 23 రూపాయల లెక్కన 34,500. చాలామంది ఈ మొత్తం ఒక్కటే చూసి సంతకం పెడతారు. నిజానికి చూడాల్సినవి హోదా, బేసిక్ జీతం.

వీసా మీద "ఏసీ టెక్నీషియన్" అని ఉండాలి. హెల్పర్, క్లీనర్, లేబర్ అని ఉంటే చేసేది మెకానిక్ పనే అయినా కాగితం మీద అనుభవం క్లీనర్‌దే అవుతుంది. ఉద్యోగం మానేటప్పుడు అడిగితే అనుభవ పత్రం ఉచితంగా ఇవ్వాలని యూఏఈ కార్మిక చట్టం చెబుతుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా లేదా పని స్వభావం, చివరి జీతం అందులో ఉండాలి. కంపెనీ సాధారణంగా రాసేది రికార్డులో ఉన్న హోదానే. "ముందు హెల్పర్ వీసా మీద పో, అక్కడికెళ్లాక మార్పిస్తా" అనే ఏజెంటు మాట ఎంత తియ్యగా ఉన్నా నమ్మకూడదు.

ఇక బేసిక్. అదే 1,500ను ఒక కంపెనీ 700 బేసిక్, 800 అలవెన్సులు అని రాస్తుంది. ఇంకో కంపెనీ 1,000 బేసిక్, 500 అలవెన్సులు అంటుంది. నెల జీతం ఒకటే. కానీ ఓవర్‌టైమ్‌ను బేసిక్ మీదే లెక్కగడతారు, మామూలు గంటకన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. రోజుకు రెండు గంటలు, నెలకు 26 రోజులు ఓటీ చేస్తే 700 బేసిక్‌కు దాదాపు 190 దిర్హాంలు, 1,000 బేసిక్‌కు దాదాపు 270 వస్తాయి. నెలకు 80 దిర్హాంల తేడా, అంటే 1,800 రూపాయల పైమాటే. ఉద్యోగం చివర ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ ఇస్తారు. ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు.

మిత్తి తినేసే మొదటి వీసా

మన దేశంలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. యూఏఈ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చులు కార్మికుడి మీద వేయకూడదు. ఊళ్లో జరిగేది వేరు. లక్ష, లక్షన్నర అడుగుతారు, రసీదు ఉండదు, డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తారు.

లక్షా ఇరవై వేలు అలా తెచ్చాడనుకుందాం. నెలకు మిత్తే 3,600. అక్కడ మెస్, ఫోను, సబ్బులూ సరుకులూ కలిపి 600 దిర్హాంలు పోగా 900 మిగులుతాయి, అంటే 20,700 రూపాయలు. ఇంటికి పది వేలు పంపితే మిగిలే 10,700 మొత్తం అప్పుకే కట్టాలి. అలా కట్టినా తీరడానికి 14 నెలలు పడుతుంది. మొదటి జీతం చేతికి రావడానికి పట్టే నెల కూడా కలిపితే 15. ఇరవై నాలుగు నెలల కాంట్రాక్టులో సొంతానికి మిగిలేది తొమ్మిది నెలల సంపాదన, సుమారు 96,000. మొదటిసారి సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు టికెట్లో కొంత, చుట్టాలకు సామాన్లు, ఊళ్లో ఖర్చులు కలిపి లక్ష అయిపోవడం మామూలే. మొదటి వీసా పూర్తయ్యేసరికి చేతిలో సున్నా. రెండో వీసాకు వెళ్లేది ప్లాన్ ప్రకారం కాదు, గతిలేక.

అదే లైసెన్సున్న ఏజెంటు ద్వారా అన్నీ కలిపి అరవై వేలతో వెళ్తే, అదే మిత్తికి తెచ్చినా ఏడు నెలల్లో తీరుతుంది. మొదటి కాంట్రాక్టులో లక్షా డెబ్బై వేలు మిగులుతాయి. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు emigrate.gov.in లో చూడటానికి పది నిమిషాలు చాలు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు కాబట్టి అక్కడ నోటిఫికేషన్లు ఉన్నాయేమో ముందు చూడటం మంచిది.

పదో తరగతి పాసైనవాళ్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. అది సౌకర్యమే, కానీ ఆ క్లియరెన్సుతో పాటు జరిగే కాంట్రాక్టు తనిఖీ కూడా వాళ్లకు ఉండదు. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు ఇలాంటి ఐటీఐ కుర్రాళ్లనే వెతుక్కుంటారు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. "ఆజాద్ వీసా" అని ఊళ్లో అమ్మేది ఇంకా ప్రమాదం. కాగితం మీద ఒక యజమాని ఉంటాడు, పని ఇంకొకరి దగ్గర. జీతం ఎగ్గొడితే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియదు, చివరికి ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాళ్లు అయిపోతారు. ఖల్లివెల్లి అయినవాడు ఎంత సంపాదించినా అనుభవ పత్రం చేతికి రాదు. తిరిగి వచ్చాక ఆ ఏళ్లు లెక్కలోకే రావు.

మూడు కాంట్రాక్టులు, మూడు పనులు

ఆరేళ్లను మూడు రెండేళ్లుగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో పని ఉండాలి. మొదటి కాంట్రాక్టులో అప్పు తీరాలి, పేరు నిలవాలి. స్ప్లిట్, డక్టెడ్ యూనిట్ల పని ఏది చెప్పినా చేయాలి. దానితో పాటు నెలనెలా చేసే సర్వీసు షెడ్యూలు, పీపీఎం అంటారు, ఎలా రాస్తారో చూసి నేర్చుకోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలని అక్కడ నిబంధన. టెర్రస్ మీద యూనిట్ల దగ్గర పని చేసేవాళ్లకు అది ప్రాణరక్షణ, ఎవరు తొందరపెట్టినా వదులుకోకూడదు.

రెండేళ్లు నిండి రెన్యువల్ వచ్చినప్పుడే కార్మికుడి మాటకు కాస్త బలం ఉంటుంది. చాలామంది ఆ బలాన్ని వంద దిర్హాంల పెంపు అడగడానికి వాడుకుంటారు. అప్పుడు అడగాల్సింది చిల్లర్ టీమ్‌లోకి మార్పు. జీతం పెంచకపోయినా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే చిల్లర్ పని వచ్చాక మూడో కాంట్రాక్టులో జీతం ఎటూ పెరుగుతుంది. కంపెనీ దగ్గర చిల్లర్లు లేకపోతే కాంట్రాక్టు ముగిశాక నోటీసు ప్రకారం వేరే కంపెనీకి మారాలి.

మారితే గ్రాట్యుటీ పోతుందని భయపెట్టేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. ఒకే కంపెనీలో ఆరేళ్లుంటే ఐదేళ్లకు 105 రోజులు, ఆరో ఏడాదికి 30, మొత్తం 135 రోజుల బేసిక్. చివరి బేసిక్ 1,800 అయితే 8,100 దిర్హాంలు. రెండేళ్లకు మారితే మొదటి కంపెనీ 1,000 బేసిక్ మీద 42 రోజులకు 1,400 ఇస్తుంది, రెండో కంపెనీ నాలుగేళ్లకు 84 రోజుల లెక్కన 5,040 ఇస్తుంది. మొత్తం 6,440. నష్టం 1,660 దిర్హాంలు, మన డబ్బుల్లో 38 వేలు. కొత్త చోట నెలకు 500 దిర్హాంలు పెరిగితే నాలుగు నెలల్లో ఆ నష్టం పూడిపోతుంది.

రెండో కాంట్రాక్టులో రోజూ చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ఒక నోటు బుక్కులో ఆ రోజు ముట్టుకున్న యంత్రం కంపెనీ, మోడల్, ఎన్ని టన్నులు, స్క్రూ కంప్రెసరా సెంట్రిఫ్యూగలా, ఏ లోపం వచ్చింది, ఏ అంకెలు చూసి కనిపెట్టారు, ఏం మార్చారు అని నాలుగు లైన్లు రాసుకోవాలి. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసే ఇంజినీరు అడిగేవి సరిగ్గా ఇవే. "దుబాయ్‌లో చిల్లర్ల మీద చేశాను" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "350 టన్నుల స్క్రూ మెషిన్లు నాలుగు, ఆయిల్ ప్రెజర్ తక్కువై రెండుసార్లు ట్రిప్ అయింది, ఫిల్టర్ మూసుకుపోవడం కారణం" అంటే అర్థమవుతుంది. చిల్లర్ కంపెనీల వాళ్లు సర్వీసుకు వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడాలి. వాళ్లు పెట్టే ఒకటి రెండు రోజుల ట్రైనింగుకు పేరు ఇవ్వమని సూపర్‌వైజర్‌ను అడగాలి.

మూడో కాంట్రాక్టు లక్ష్యం రాతపని. దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ టెక్నీషియన్‌కూ సూపర్‌వైజర్‌కూ తేడా చాలావరకు ఇక్కడే ఉంది. పని మొదలుపెట్టేముందు తీసుకునే పర్మిట్, కరెంటు తీసి తాళం వేసే పద్ధతి, ఇంగ్లిష్‌లో అర పేజీ బ్రేక్‌డౌన్ రిపోర్టు, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు కొటేషన్ వేయడం ఇవన్నీ ఈ దశలో రావాలి. క్యాంపులో హిందీతో రోజులు గడిచిపోతాయి కాబట్టి ఇంగ్లిష్ తనంతట తాను రాదు. కష్టపడి నేర్చుకోవాలి.

ఇవన్నీ వచ్చినా ఒక లోటు మిగులుతుంది. మాల్‌లో చిల్లర్ నడిపినవాడికి ఫార్మా ఫ్యాక్టరీ గదుల సంగతి తెలియదు. అక్కడ ఒక గదికీ పక్క గదికీ మధ్య గాలి ఒత్తిడి తేడాను పాస్కల్స్‌లో కొలిచి నిలబెట్టాలి, తేమనూ అదుపులో ఉంచాలి, ప్రతి మార్పుకూ కాగితం ఉండాలి. ఫార్మా వైపు వెళ్లాలనుకుంటే ఇక్కడికొచ్చాక ఒక మెట్టు కింద చేరి నేర్చుకోవడానికి సిద్ధపడాలి. ఆస్పత్రులు, ఐటీ టవర్లు, డేటా సెంటర్లకైతే అనుభవం దాదాపు నేరుగా సరిపోతుంది.

డబ్బు ఎవరి ఖాతాలో, ఎంత

రెండో కాంట్రాక్టులో 2,000, మూడోదానిలో 2,800 దిర్హాంల జీతం అనుకుందాం. రెండో దశలో తన ఖర్చు 700 దిర్హాంలు, ఇంటికి 12,000 రూపాయలు పోతే నెలకు 17,900 మిగులుతుంది. సెలవులు తీసేసి 22 నెలలకు దాదాపు 3.94 లక్షలు. మూడో దశలో తన ఖర్చు 800, ఇంటికి 16,000 పోతే నెలకు 30,000, 22 నెలలకు 6.6 లక్షలు. మొదటి దశలోని 1.7 లక్షలు కలిపి, రెండుసార్లు ఇంటికి వచ్చిన ఖర్చు రెండు లక్షలు తీసేసి, గ్రాట్యుటీ లక్షా నలభై ఎనిమిది వేలు చేర్చితే 11.7 లక్షలు వస్తాయి. వడ్డీ వేరు.

ఈ లెక్కను పాడుచేసేది ఎక్కువగా ఇంటికి పంపే డబ్బే. జీతం పెరిగినప్పుడల్లా ఇంటికి పంపేదీ పెరుగుతుంది. పది వేలు ఇరవై, ఇరవై కాస్తా ముప్ఫై అవుతుంది. ఇంట్లో ఎవరూ దుర్వినియోగం చేయరు. పిల్లలు పెద్ద స్కూలుకు మారతారు, చిట్టీ ఒకటి మొదలవుతుంది, బైకు ఈఎంఐ వస్తుంది. కానీ హైదరాబాద్‌లో ఆ కుర్రాడికి 28,000 జీతం వచ్చిందనుకోండి. రూమూ భోజనమూ 11,000 పోగా ఇంటికి 17,000 పంపగలడు. దుబాయ్ నుంచి ఇంటికి 16,000 పంపుతున్నవాడు తిరిగొచ్చాక కూడా ఇంటిని అలాగే నడపగలడు. అతను కోల్పోయేది నెలనెలా మిగిల్చే 30,000 మాత్రమే, ఇంట్లో కంచంలో ఏ మార్పూ రాదు. అదే దుబాయ్ నుంచి 30,000 పంపడం అలవాటైనవాడు తిరిగొచ్చిన మొదటి నెల నుంచే 13,000 లోటులో పడతాడు. దాచిన డబ్బు తీసి పూడుస్తాడు, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఏజెంటు దగ్గరికి వెళ్తాడు. తిరిగి రాగలడా లేదా అన్నది ఇంటి నెలఖర్చు ఇక్కడి జీతానికి అందేంతలో ఉందా అన్నదాని మీదే ప్రధానంగా ఆధారపడుతుంది. వెళ్లే ముందే భార్యతో, అమ్మానాన్నలతో కూర్చుని ఈ అంకె మాట్లాడుకోవడం మొహమాటంగా ఉంటుంది. అయినా మాట్లాడుకోవాలి.

అందుకే డబ్బును రెండు దారుల్లో పంపడం మంచిది. ఇంటి ఖర్చు నాన్న ఖాతాకో, భార్య ఖాతాకో. మిగిల్చింది తన పేరు మీద ఉన్న ఎన్ఆర్ఈ ఖాతాకు, అంటే విదేశంలో ఉండేవాళ్లు మన బ్యాంకుల్లో తెరిచే ఖాతాకు. విదేశంలో ఉన్నంతకాలం ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి మన దగ్గర ఆదాయపు పన్ను లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఏడాది లోపు తీస్తే వడ్డీ రాదు, కాబట్టి ఊరికే తీయాలనిపించదు కూడా. శాశ్వతంగా తిరిగొచ్చాక బ్యాంకుకు చెప్పి దాన్ని మామూలు రెసిడెంట్ ఖాతాగా మార్చుకోవాలి, అప్పట్నుంచి వడ్డీకి పన్ను పడుతుంది.

ఇల్లు సంగతి కూడా తేల్చుకోవాలి. ఈ పదకొండు లక్షలు ఇల్లు కట్టడానికీ, వ్యాపారం పెట్టడానికీ రెండింటికీ చాలవు. గల్ఫ్ డబ్బుతో కట్టిన పెద్ద ఇల్లు ఊళ్లో గౌరవం తెస్తుంది, ఆ గౌరవం నిజమైనదే, తక్కువ చేయాల్సింది కాదు. కానీ స్లాబు పడి ప్లాస్టరింగు ఆగిపోయిన ఇల్లు ఇంకో రెండు వీసాలు చేయిస్తుంది. ఇల్లే కావాలనుకుంటే ఆరేళ్ల బదులు పదేళ్ల ప్లాన్ అని ముందే ఒప్పుకుని వెళ్లడం మేలు.

రావడానికి ముందు ఒక ట్రయల్

రెండో కాంట్రాక్టు చివర సెలవు మీద వచ్చినప్పుడు ఒక వారం హైదరాబాద్‌కు కేటాయించాలి. నోటు బుక్కు, జీతం స్లిప్పులు పట్టుకుని నాలుగైదు మెయింటెనెన్స్ కంపెనీల్లో ఇంటర్వ్యూలకు వెళ్లాలి. ఉద్యోగం చేరడానికి కాదు, తన పనికి ఇక్కడ ఎంత ధర పలుకుతోందో, ఏది తెలియదని అంటున్నారో తెలుసుకోవడానికి. 22,000 అన్నారంటే ఇంటి ఖర్చు అంకెను దానికి తగ్గట్టు మార్చుకోవాలి. బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తెలుసా అని ముగ్గురు అడిగారంటే మూడో కాంట్రాక్టులో నేర్చుకోవాల్సింది అదే.

సొంతంగా పెట్టుకోవాలనుకునేవాడికి లెక్క వేరు. జగిత్యాల, కరీంనగర్ లాంటి చోట్ల ఇళ్ల ఏసీల పని మార్చి నుంచి జూన్ దాకానే జోరుగా ఉంటుంది. ఏడాది పొడవునా ఆదాయం కావాలంటే ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు, బ్యాంకులు, థియేటర్ల ఏడాది కాంట్రాక్టులు పట్టాలి. మూడో దశలో నేర్చిన కొటేషన్, సర్వీస్ రిపోర్టు అక్కడ పనికొస్తాయి. మామూలు మెకానిక్ చేతిరాత బిల్లు ఇచ్చే చోట తారీఖులతో సర్వీసు షెడ్యూలు ఇవ్వగలిగితే ఆస్పత్రి మేనేజరు నమ్ముతాడు. అయితే ఈ బిల్లులు రెండు మూడు నెలలు ఆలస్యంగా చేతికొస్తాయి. ఆలోగా ఇద్దరు హెల్పర్లకు జీతాలివ్వాలి, గ్యాస్ సిలిండర్లు, కాపర్ పైపు నగదుకు కొనాలి. అందుకే పనిముట్లకూ సెకండ్ హ్యాండ్ వ్యానుకూ డబ్బంతా పెట్టేయకుండా, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, మూడు నెలల వ్యాపార ఖర్చు విడిగా ఉంచాలి. పైన వేసిన అంకెల్లో ఇంటి ఖర్చుకు లక్ష, వ్యాపారానికి రెండు లక్షల దాకా అనుకోవచ్చు.

వచ్చే నెల కూడా ఎంచుకోవచ్చు. జనవరి చివర వచ్చేలా నోటీసు ఇస్తే సీజన్ మొదలవడానికి నెల రోజుల వ్యవధి ఉంటుంది. కాంట్రాక్టు ముగిశాక బకాయిలన్నీ 14 రోజుల్లో ఇవ్వాలని యూఏఈ చట్టం చెబుతుంది. విమానం ఎక్కేలోపు గ్రాట్యుటీ లెక్క కాగితం మీద చూసుకోవాలి, సంతకం చేయమన్న సెటిల్‌మెంట్ ఫారంలోని అంకె బ్యాంకు ఖాతాలో పడిందో లేదో సరిచూసుకోవాలి. అనుభవ పత్రం మీద "చిల్లర్ టెక్నీషియన్" అని ఉందా, తేదీలు సరిగ్గా ఉన్నాయా, కంపెనీ స్టాంపు పడిందా అన్నది వీసా క్యాన్సిల్ కాకముందే చూసుకోవాలి. క్యాన్సిల్ అయ్యాక జగిత్యాల నుంచి ఫోన్ చేసి అందులో ఒక్క అక్షరం మార్పించడం కూడా కష్టమే.